సీరియల్ దండలో ఒక్క బల్బు పోతే అన్నీ ఆరతాయి, ఇంట్లో ఆరవు... ఎందుకని?

వినాయక చవితి వచ్చిందంటే అటక మీద నుంచి సీరియల్ లైట్ల మూట కిందికి దిగుతుంది. చిక్కులు విప్పి ప్లగ్గు పెట్టి చూస్తే రెండు దండలు వెలుగుతాయి, మూడోది వెలగదు. కుర్రాళ్లు నలుగురు చేరి ఒక్కో బల్బునూ కదుపుతారు, నొక్కుతారు, పీకి మళ్లీ పెడతారు. ప్లగ్గు మాత్రం బోర్డులోనే వుంటుంది. స్విచ్చి కూడా వేసే వుంటుంది.

కొన్నేళ్ల కిందట ఒక పందిరి దగ్గర ఇదే చూశాను. బల్బు ఊడిపోయిన హోల్డరులో రెండు తీగలూ బయటికొచ్చి వున్నాయి. వాటిని మెలిపెట్టి కలిపేద్దామని పదిహేనేళ్ల కుర్రాడు చెయ్యి పెట్టబోయాడు. కింద వాన నీళ్లు, కాళ్లకు చెప్పుల్లేవు. ఊళ్లో వైరింగు పనులు చేసే పెద్దాయన గట్టిగా అరిచి ప్లగ్గు పీకేశాడు. 'ఆరిపోయిన దండలో కరెంటెక్కడుంటుంది బాబాయ్? వున్నా ఆ బుల్లి బల్బుకి ఆరు వోల్టులే కదా' అన్నాడు కుర్రాడు. చదువుకున్న పిల్లాడే. లెక్క కూడా తప్పు కాదు. అయినా ఆ రెండు తీగల మధ్య అప్పుడున్నది ఆరు వోల్టులు కాదు, 230. ఆ సంగతి తెలియాలంటే సీరియల్ దండలో కరెంటు నడిచే దారి, మన ఇంటి వైరింగులో నడిచే దారి ఎలా వేరో చూడాలి.

కాలువ మీద డ్రాపులు, కాలువ గట్టున తూములు

దండలో బల్బులన్నీ ఒకదాని వెనుక ఒకటి గుచ్చినట్టు వుంటాయి. కరెంటు మొదటి బల్బులోంచి దూరి రెండోదానికి, అక్కణ్నించి మూడోదానికి, అలా చివరి బల్బు దాటి వెనక్కి వస్తుంది. దీన్నే సీరీస్ అంటారు. బళ్లో పిల్లలు శ్రేణి సంధానం అని చదువుతారు. మనవాళ్ల నోట్లో అదే సీరియల్ అయింది. ఇంట్లో అలా కాదు. ప్రతి లైటుకీ, ఫ్యానుకీ రెండేసి తీగలు విడిగా వెళ్తాయి. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. ప్రతిదీ నేరుగా ఆ రెంటి మధ్యే వుంటుంది. ఇది పేరలల్, అంటే సమాంతర సంధానం.

మడి నుంచి మడికి నీళ్లు పారించడంతో సీరీస్‌ను పోలుస్తుంటారు. ఆ పోలిక సరిపోదు. మడి నుంచి మడికి పారితే చివరి మడికి నీళ్లు తగ్గుతాయి. దండలో చివరి బల్బుకి కరెంటు తగ్గదు. మొదటి బల్బులో ఎంత పారిందో నలభయ్యో బల్బులోనూ అంతే పారుతుంది. అందుకే కాలువ మీద కట్టే డ్రాపులు మంచి పోలిక. ఒకే కాలువ మీద వరసగా నలభై డ్రాపులు వున్నాయనుకోండి. అదే నీరు ఒక్కో డ్రాపు దగ్గర కొంచెం కొంచెం దూకుతూ పోతుంది. నీరు తగ్గదు, ఎత్తు మాత్రం పంచుకుంటుంది. కాలువకు ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వేస్తే మొత్తం ఆగిపోతుంది. ఇంటి వైరింగు గట్టు పక్కన పెట్టిన తూముల లాంటిది. ప్రతి తూముకూ కాలువ మట్టం ఒకటే. ఒక తూము మూస్తే పక్క తూముకు ఏ ఇబ్బందీ రాదు. కానీ తూములు తెరిచేకొద్దీ పైనుంచి వచ్చే కాలువ మీద భారం పెరుగుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఫ్యూజు దగ్గర మళ్లీ కావాలి.

ఒక దండను విప్పి చూద్దాం

పాత రకం దండలో ఆరు వోల్టుల బుల్లి బల్బులు నలభై వున్నాయనుకుందాం. ఇంటి కరెంటు 230 వోల్టులు. నలభై సమాన భాగాలు చేస్తే ఒక్కో బల్బుకి 5.75 వోల్టులు వస్తాయి. అందుకే ఆరు వోల్టుల బల్బు 230 వోల్టుల ప్లగ్గుకి తట్టుకుంటోంది. ఆ బల్బొక్కదాన్నే తీసి నేరుగా ప్లగ్గుకి కలిపితే ఠప్పున పేలిపోతుంది.

ఇప్పుడు ఒక బల్బు మాడిపోయింది. అందులోని సన్నని తీగ తెగింది. దారి తెగింది గనుక కరెంటు పారడం ఆగింది, అన్నీ ఆరిపోయాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిది ఆ తర్వాత మాట. నీరు దూకుతున్నప్పుడే డ్రాపు దగ్గర ఎత్తు పంపకం అవుతుంది. నీరు ఆగిపోయి కాలువంతా నిలువ వుంటే అడ్డుకట్టకు పైన ఒక మట్టం, కింద ఒక మట్టం, అంతే. తేడా మొత్తం ఆ ఒక్క కట్ట దగ్గరే చేరుతుంది. దండలోనూ అంతే. కరెంటు పారనప్పుడు మంచిగా వున్న ముప్పై తొమ్మిది బల్బులు ఒక్క వోల్టు కూడా పంచుకోవు. 230 వోల్టులూ తెగిన చోటే నిలబడతాయి. తెగిన చోటుకి ఫేజు వైపున్న బల్బులన్నీ ఆరిపోయి చీకటిగా వున్నా వాటి తీగ ఏ చోట ముట్టుకున్నా 230 వోల్టులే. నేల మీద తడి కాళ్లతో నిలబడి ముట్టుకుంటే ఆ దండలో తెగిపోయిన దారి మన ఒంట్లోంచి పూర్తవుతుంది.

మధ్యలో బల్బులున్నాయి కదా, అవి కరెంటును ఆపుతాయి కదా అని అడగొచ్చు. కాస్త ఆపుతాయి. కానీ తడిసిన ఒంటితో పోలిస్తే ఆ బల్బుల అడ్డు పెద్దది కాదు, పైగా చల్లారిన బల్బు తీగ వేడిగా వున్నప్పటికంటే చాలా తక్కువ అడ్డు పెడుతుంది. ఆంపియరులో పదో వంతు కరెంటు గుండెలోంచి పోయినా ప్రాణం తీస్తుంది. అంత కరెంటు ఈ దండలోంచి తేలిగ్గా వస్తుంది.

కొత్త ఎల్‌ఈడీ దండలు వచ్చాక ఈ భయం లేదనుకుంటున్నారు. ఎల్‌ఈడీకి తెల్లదీ, నీలందీ అయితే సుమారు మూడు వోల్టులు, ఎర్రదైతే సుమారు రెండు వోల్టులు చాలు. కరెంటు కూడా చాలా తక్కువే లాగుతుంది. కానీ చౌకగా దొరికే దండల్లో ఇవీ వరసగా గుచ్చినవే, నేరుగా 230 వోల్టులకే పెట్టినవే. ప్లగ్గు దగ్గర చిన్న ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తే 'ఇది కరెంటు తగ్గించేది' అనుకోవద్దు. చాలా దండల్లో ఆ పెట్టె లైట్లను ఆర్పి వెలిగించడానికే. వోల్టేజి తగ్గించే అడాప్టరు అయితే దాని మీద ఔట్‌పుట్ ఎన్ని వోల్టులో రాసి వుంటుంది. అది 12 అనో 24 అనో వుంటే మనిషికి పెద్ద ప్రమాదం లేదు. ఆ రాత లేకపోతే దండ మొత్తాన్ని 230 వోల్టుల తీగగానే చూడాలి.

పోయిన బల్బును పట్టుకునేదెలా?

ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చిని ఫేజు తీగలో కాక పొరపాటున న్యూట్రల్‌లో కలిపిన ఇళ్లు పల్లెల్లో ఇంకా కనిపిస్తాయి. అలాంటి చోట స్విచ్చి ఆపినా దండలో ఫేజు వుండనే వుంటుంది.

మనవాళ్లు సాధారణంగా ఒక మంచి బల్బు తీసుకుని వరసగా ఒక్కో హోల్డరులో మార్చి చూస్తారు. ఒక్కటే పోతే ఈ పద్ధతిలో దొరుకుతుంది. రెండు పోయివుంటే నలభై హోల్డర్లూ తిరిగినా దండ వెలగదు, ఎందుకంటే ఒకటి బాగుచేసినప్పుడు రెండోది తెగే వుంటుంది. పైగా ప్రతిసారీ ప్లగ్గు పెట్టి చూడాలి, పీకాలి. పిల్లలు ఆ పీకడం మర్చిపోతారు. దీనికన్నా తేలికైన దారి వుంది. రెండు పెన్సిల్ సెల్లులు ఒకదాని వెనుక ఒకటి పెడితే మూడు వోల్టులు వస్తాయి (ఇదీ సీరీసే). దండలోంచి బల్బులు ఒక్కొక్కటే ఊడదీసి దాని రెండు కాళ్లూ సెల్లుల రెండు కొసలకు తాకించండి. ఆరు వోల్టుల బల్బు మూడు వోల్టులకు మసకగా ఎర్రగా వెలుగుతుంది. వెలగనిదాన్ని పక్కన పెట్టండి. అన్ని బల్బులూ వెలిగి, తిరిగి పెట్టినా దండ వెలగకపోతే తప్పు హోల్డరులో తుప్పుపట్టిన కాళ్లలోనో, తెగిన తీగలోనో వుంది.

కొన్ని దండల్లో బల్బు పోయినా మిగతావి వెలుగుతూనే వుంటాయి. వాటి బల్బు లోపల తెగే తీగకు అడుగున ఇంకో సన్నని తీగ చుట్టి వుంటుంది. దాని మీద పలుచని పూత కరెంటును ఆపుతుంది. బల్బు తెగినప్పుడు ఇందాక చెప్పుకున్న 230 వోల్టులు అక్కడే నిలబడతాయి కదా, ఆ దెబ్బకు పూత చీలి కరెంటు ఆ అడ్డదారిన పోతుంది. దండ ఆరదు. కానీ పోయిన బల్బు వాటా మిగతావాటి మీద పడుతుంది.

ఇక్కడే చాలామంది చేసే తప్పు వుంది. పోయిన బల్బుకు మారు దొరకక హోల్డరు తీసేసి తీగలు మెలేసి టేపు చుడతారు. ఒకటి తీసినప్పుడు తేడా తెలియదు. ఏటా రెండు మూడు చొప్పున పది తీసేశారనుకోండి. నలభై కాస్తా ముప్పై అయింది. ఇప్పుడు ఒక్కో బల్బుకి 7.7 వోల్టులు. ఆరు వోల్టుల బల్బు దాని కంటే ఒకటిన్నర రెట్లు వేడి పుట్టిస్తుంది. దండ భలే వెలుగుతోందని సంబరపడతారు, ఆ వెలుగు మాడిపోతున్న వెలుగు. ఒక్కొక్కటీ త్వరత్వరగా పోతుంది, పోయినకొద్దీ మిగిలినవాటి మీద భారం ఇంకా పెరుగుతుంది. కాగితం పూలకీ, తాటాకు పందిరికీ ఆ వేడి తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. రెండు మూడు కంటే ఎక్కువ తీసేసిన దండను వాడకుండా పక్కన పెట్టడమే మేలు.

ఇంట్లో తూములు ఎన్ని తెరిచారు?

ఇంటి వైరింగులో ఏ ఒక్కటి పోయినా మిగతావి ఆరవు. ఆ సుఖం వెనుక ఒక ఖర్చుంది. అన్నిటి కరెంటూ కలిసి మీటరు నుంచి వచ్చే ఒక్క తీగలోంచే రావాలి. లెక్క చాలా సులువు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, ఫ్యాను ఒకటి, టీవీ ఒకటి, అన్నీ కలిపినా ముప్పావు ఆంపియరుకి మించదు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెడితే ఒక్కటే 4.3 ఆంపియర్లు. 500 వాట్ల మిక్సీ 2.2. నీళ్లు కాచుకునే 1500 వాట్ల రాడ్డు 6.5. అన్నీ ఒకేసారి పెడితే 13.8 ఆంపియర్లు. పాత ఇళ్లలో లైట్లకు వాడే ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మోయగలిగేది పది పదకొండు ఆంపియర్లే. సంక్రాంతికి అల్లుడు వచ్చిన రోజున ఫ్యూజు పోవడానికి కారణం ఇదే.

ఈ ఫ్యూజు ఇంటి మొత్తానికీ సీరీస్‌లో వుంటుంది. స్విచ్చి కూడా తను ఆపే లైటుకి సీరీస్‌లోనే వుంటుంది. ఆపాల్సినవన్నీ సీరీస్, వాడాల్సినవన్నీ పేరలల్. పందిరి దండకు పనికిరాదన్న లోపమే ఫ్యూజు దగ్గర గుణమైంది. ఒక చోట తెగితే అన్నీ ఆగాలి, అందుకే అక్కడ పెట్టారు. ఫ్యూజు తీగ దాని లెక్కకు కాస్త మించగానే పోదు. దాదాపు రెట్టింపు పారితే కరుగుతుంది. 'మాటిమాటికీ పోతోంది' అని రాగి పోగులు నాలుగు మెలేసి పెట్టేవాళ్లున్నారు. అప్పుడు కరగాల్సినది ఫ్యూజు కాక గోడలోని తీగ అవుతుంది.

ఫ్యూజు పట్టుకోలేనివి రెండున్నాయి. మొదటిది వదులుగా వున్న జాయింటు. ప్లగ్గు పిన్ను వదులైనా, మెలేసిన తీగ సడలినా అక్కడ ఒక చిన్న అడ్డు పుడుతుంది. ఆ అడ్డు దాని తర్వాతున్న వాటన్నిటికీ సీరీస్‌లో పడుతుంది. అడ్డు ఒక్క ఓము, పారే కరెంటు అయిదు ఆంపియర్లు అనుకోండి. అక్కడ పోయేది అయిదు వోల్టులే, లైట్లలో తేడా కూడా తెలియదు. కానీ ఆ చోట 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్లు సీసం కరిగించే కడ్డీ కూడా 25 వాట్లదే వుంటుంది. అంత వేడి గోడ బోర్డు వెనుక బఠాణీ గింజంత చోట గంటల తరబడి నిలుస్తుంది. మొత్తం కరెంటు పెరగదు కనుక ఫ్యూజుకు తెలియదు. మిక్సీ వేసినప్పుడు లైటు మినుకుమినుకుమన్నా, ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమన్నా, బోర్డు మీద గోధుమ రంగు మచ్చ తేలినా, కాలిన వాసన వచ్చినా ఆ జాయింటు విప్పి శుభ్రం చేసి బిగించాల్సిందే.

రెండోది మనిషి. ఫేజు తీగ పట్టుకున్న మనిషి ఇంట్లోని లైట్లకూ ఫ్యాన్లకూ తోడు ఇంకో పేరలల్ దారి అవుతాడు. తడిసిన ఒంట్లోంచి నేలకు పారేది ఆంపియరులో నాలుగో వంతు కూడా వుండదు. అయిదు ఆంపియర్ల ఫ్యూజుకు అది ఇంకో ఫ్యాను వేసినంత. అది కదలదు. ఈ పని చేసేది ఆర్‌సీసీబీ అనే స్విచ్చి. ఫేజులో ఎంత పోతోంది, న్యూట్రల్‌లో ఎంత తిరిగి వస్తోంది అని ఇది సరిచూస్తుంటుంది. మనిషి ఒంట్లోంచి నేలకు పోయినది న్యూట్రల్‌లో తిరిగి రాదు. ఆ తేడా ఆంపియరులో వెయ్యింట ముప్పై వంతులకు చేరేలోగానే కరెంటు తీసేస్తుంది. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లది అని అడగాలి. దాని మీద టెస్టు బటన్ వుంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడాలి, పడకపోతే మార్చాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం ఇది కూడా కాపాడలేదు, పోయినంతా తిరిగి వస్తుంది కనుక. పందిరి కుర్రాడు చెయ్యి పెట్టబోయింది సరిగ్గా అలాంటి చోటే. తెగిన హోల్డరులో ఒక తీగ ఫేజు వైపు, రెండోది న్యూట్రల్ వైపు.

బల్బుతోనే పరీక్ష

సీరీస్‌ను మన పనికి వాడుకునే పాత పద్ధతి ఒకటుంది. మోటారు చుట్టే షాపుల్లో గోడకు ఒక వంద వాట్ల మామూలు బల్బు, దాని తర్వాత ఒక ప్లగ్గు సాకెట్ కనిపిస్తాయి. ఫేజు తీగ ముందు బల్బులోంచి పోయి ఆ తర్వాతే సాకెట్‌కు వస్తుంది. అనుమానం వున్న ఇస్త్రీ పెట్టెనో, పాత మిక్సీనో ఆ సాకెట్‌లో పెడతారు. లోపల తీగలు రెండూ అతుక్కుపోయి షార్టు అయివుంటే 230 వోల్టులూ బల్బు మీదే పడి అది నిండుగా వెలుగుతుంది. ఫ్యూజు పోదు, మెరుపు రాదు, ఎంత షార్టయినా అర ఆంపియరుకి మించి పారదు. పెట్టె బాగుంటే బల్బు దానికంటే మసకగా వెలుగుతుంది. లోపల తీగ తెగివుంటే బల్బు అసలు వెలగదు. దీనికి తీగ బల్బే కావాలి, ఎల్‌ఈడీ బల్బు అంత తేలికగా తేడా చూపదు, చాలాసార్లు తికమక పెడుతుంది.

ఇదే బోర్డు మీద ఒక చిన్న తమాషా చూడొచ్చు. సాకెట్‌లో ఇస్త్రీ పెట్టెకు బదులు నలభై వాట్ల తీగ బల్బు పెట్టండి. రెండూ సీరీస్‌లో పడ్డాయి. వంద వాట్లది ఎక్కువ వెలుగుతుందని పందెం కాసేవాళ్లే ఎక్కువ. నలభైదే బాగా వెలుగుతుంది, వందది కంటికి ఆనీ ఆననట్టు ఎర్రబడుతుంది. నలభై వాట్ల బల్బు తీగ సన్నం, అడ్డు ఎక్కువ. ఒకే కరెంటు రెంటిలోనూ పారినప్పుడు అడ్డు ఎక్కువున్న చోటే వోల్టులు ఎక్కువ పడతాయి, వేడీ అక్కడే ఎక్కువ. సడలిన జాయింటు గోడలో చేసే పని కూడా ఇదే. ఇంట్లో అవే రెండు బల్బులు విడివిడి హోల్డర్లలో పెడితే వందది వందలాగే, నలభైది నలభైలాగే వెలుగుతాయి.